ఎదురంగడి కాటా

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో ఇత్తడి, రాగి సామాను అమ్మే అంగళ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి మాది. మా నాయన పెట్టిన అంగడిని ఆయన తరువాత నేను చూసుకుంటున్నాను. మాకు సరిగ్గా ఎదురుగా, ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిస్తే మూడోవాడు ఒదిగి పోవలసినంత సందుకు అవతల, ఇదే సరుకు అమ్మే ఇంకో అంగడి ఉంది. దాని యజమాని నాకంటే వయసులో పెద్దవాడు. నేను ఆయనను అన్నా అంటాను, ఆయన నన్ను తమ్ముడూ అంటాడు. మా ఇద్దరి మధ్య ఒక ఏడాదికి పైగా ధరల పోటీ నడిచింది. అది ఎలా పెరిగిందో, చివరకు ధర అనే మాటే లేని ఒక ఒప్పందంతో ఎలా ఆగిందో ఇక్కడ రాస్తున్నాను. ఇత్తడి దీపాలు కొనేవారికీ అమ్మేవారికీ ఇందులో తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉందని నా నమ్మకం.

మా వ్యాపారంలో గిన్నెలు, బిందెలు, కుందులు, విగ్రహాలు అన్నీ తూకం మీదనే అమ్ముతాము. కొండ దిగి రైలుకో బస్సుకో వెళ్లే యాత్రికుడైనా, పెళ్లి సారెకు సామాను కొనడానికి పుత్తూరు నుంచో పీలేరు నుంచో వచ్చిన కుటుంబమైనా అంగడి మెట్టు ఎక్కగానే మొదట అడిగే మాట ఒక్కటే: "కిలో ఎంత?" ఆ ఒక్క అంకె విని కొందరు కూర్చుంటారు, కొందరు ఎదురంగడికి పోతారు. వస్తువు పనితనం, మందం, పోత మంచిదా కాదా అన్నవన్నీ ఆ తరువాతి మాటలు. అందువల్ల మా సందులో పోటీ ఎప్పుడు వచ్చినా కిలో రేటు మీదనే వస్తుంది.

కుంది నిర్మాణం గురించి కొంచెం చెప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. నిలువు దీపపు కుంది ఒకే ముక్కగా రాదు. అడుగున పీట, దాని మీద కాడ, ఆపైన నూనె పళ్లెం, కొసన హంసో నామమో ఉండే తల, ఇలా విడివిడిగా పోతపోసి, మెరుగుపట్టి, తరువాత కలుపుతారు. కలపడానికి రెండు పద్ధతులున్నాయి. మంచి పనితనం ఉన్న చోట ఇత్తడి ముక్కలకే మర కోసి, ఒకదానిలో ఒకటి తిప్పి బిగిస్తారు. కుంభకోణం దగ్గరి నాచియార్‌కోయిల్ కుందులది ఇటువంటి పనే. రెండో పద్ధతిలో కాడను బోలుగా ఉంచి, పీట నుంచి తల దాకా లోపల ఒక ఇనుప కడ్డీ దూర్చి, అడుగున నట్టు వేసి బిగిస్తారు. ఇది చౌక, త్వరగా అయ్యే పని. సన్న కడ్డీ అయితే దీపానికి వచ్చే నష్టమూ పెద్దగా ఏమీ లేదు. కాటా మీద పెట్టినప్పుడు ఆ కడ్డీ కూడా ఇత్తడి లెక్కలోనే తూగుతుంది. కడ్డీ సన్నగా ఉన్నన్నాళ్లు ఎవరూ దానిని పట్టించుకోలేదు.

పోటీ మొదలైనప్పుడు మా ఇద్దరి అంగళ్లలోనూ కుందుల రేటు కిలో 860 రూపాయలు ఉండేది. మాకు రవాణాతో కలిపి 760 దాకా పడేది. ఒకరోజు ఎవరో వచ్చి "ఎదురుగా 840కే ఇస్తామన్నారే" అన్నారు. అక్కడ నిజంగా ఆ రేటు చెప్పారో లేదో నాకు తెలిసే దారి లేదు. మా సందులో అంగళ్లవాళ్లు ఒకరి రేటు ఒకరిని అడగరు, అడిగినా నిజం చెప్పరు. నేను 840 అన్నాను. అదే మాట ఎదురంగడికి మరో కొనుగోలుదారుడి నోట చేరి అక్కడ 830 అయింది. కొనేవారు బేరంలో ఎదురంగడి పేరు చెప్పడం కొత్తేమీ కాదు. అయితే మామూలు రోజుల్లో అలాంటి మాటలను చెవిన పెట్టి వదిలేస్తాము. ఆ ఏడాది సందులో గిరాకీ పలుచగా ఉండింది, గల్లా పెట్టె ముందు కూర్చున్నవాడికి వచ్చిన మనిషి మెట్టు దిగి ఎదురుగా పోతుంటే చూస్తూ ఊరుకోవడం కష్టమైంది. అలా వినికిడి మీద వినికిడి చేరి, బ్రహ్మోత్సవాలు వచ్చేసరికి ఇద్దరమూ 790 దగ్గర ఉన్నాము, సంక్రాంతి దాటేసరికి 760కి దిగాము.

కొన్న ధరకే అమ్మితే అంగడి అద్దె, పిల్లగాళ్ల జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి? కాబట్టి మాకు సరుకు వేసే వ్యాపారులను తగ్గించమని అడిగాము. నా సరుకు ఒకరి దగ్గర నుంచి, అన్న సరుకు వేరొకరి దగ్గర నుంచి వచ్చేది. ఇద్దరూ మొదట కుదరదన్నారు, తరువాత కుదురుతుందన్నారు. కిలో 730కి సరుకు రావడం మొదలైంది. చూడడానికి అదే కుంది, అదే ఎత్తు, అదే మెరుగు. చేతికి ఎత్తితే మునుపటికంటే కాస్త బరువుగానే ఉండేది. బరువుగా ఉంటే మందం పెంచారని అనుకుంటారు. కొనేవారూ అదే అనుకుని మెచ్చుకున్నారు. కాగితం చుట్టి బిగించి వచ్చిన కుందిని విప్పి చూసే అలవాటు ఈ వ్యాపారంలో ఎవరికీ లేదు.

విషయం బయటపెట్టింది పుత్తూరు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ. కూతురి పెళ్లి సారెలో పెట్టడానికి ఆమె కుందుల జత కొన్నది. జత అంటే రెండూ ఒకే అంగడిలో కొంటారు. ఆ రోజు మా దగ్గర ఆమె అడిగిన ఎత్తులో ఒక్కటే మిగిలి ఉండడంతో, దాని ఈడు దానిని ఎదురంగడిలో వెతుక్కుని కొనుక్కుంది. ఆషాఢం వెళ్లి శ్రావణం రాబోతుండగా, ఒక మధ్యాహ్నం ఆమె రెండు కుందులనూ గోనెసంచిలో పెట్టుకుని వచ్చి, ఏ అంగడి మెట్టూ ఎక్కకుండా సందు మధ్యలో నిలబడింది.

"మీ ఇద్దరినీ ఒకేసారి అడగాల నాయనా. నేను కొన్నది దీపమా, తుప్పా?" అన్నది.

వరలక్ష్మీ వ్రతానికని కుందులను చింతపండుతో తోమి, కడిగి, దేవుడి గదిలో నిలబెట్టిందట. తెల్లవారేసరికి తెల్లటి గచ్చు మీద రెండు కుందుల కిందా ఎర్రటి మరకలు గుండ్రంగా పడ్డాయి. గచ్చు తోమితే మరక పోయింది గానీ, కుందిని ఎన్నిసార్లు కడిగినా పీట సందులో నుంచి ఎర్రనీరు కారడం ఆగలేదు. ఇత్తడికి చిలుము పడితే పచ్చగా, నల్లగా ఉంటుంది. అది ఇంత ఎర్రటి తుప్పుగా కారదు. ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసి వచ్చింది కాబట్టే గొంతు పెంచకుండా మాట్లాడింది.

అన్న తన మెట్టు దిగి వచ్చాడు. నేను పానా తెచ్చాను. మా అంగడి ముందరి బండ మీద రెండు కుందులనూ పడుకోబెట్టి నట్లు విప్పాము. నా కుందిలో నుంచి వచ్చిన కడ్డీ చిటికెన వేలంత లావు ఉంది, నిలువునా తుప్పు పట్టి ఉంది. పీట అడుగున రేకుతో మూసిన బోలును గోరుతో తడితే గంట మోగినట్టు మోగవలసిన ఇత్తడి, తడిసిన కొయ్యను తట్టినట్టు మొద్దుగా పలికింది. రేకు ఊడదీశాక లోపల నల్లటి లక్కవంటి పదార్థం, దానిలో కలిపిన ఇసుక గట్టిగా కూరి ఉన్నాయి. అన్న కుందిలో కడ్డీ కొంచెం సన్నం, కూరిన ముద్ద కొంచెం ఎక్కువ. రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన సరుకులో ఒకటే పని జరిగింది.

అక్కడే, ఆమె చూస్తుండగానే, ముక్కలు విడదీసి తూచాము. నా కుంది మొత్తం బరువు 2 కిలోల 900 గ్రాములు. అందులో కడ్డీ, నట్టు కలిసి 420 గ్రాములు, కూరిన ముద్ద 310 గ్రాములు. అసలు ఇత్తడి 2 కిలోల 170 గ్రాములు. ఆమె కిలో 760 చొప్పున నాకు 2,204 రూపాయలు ఇచ్చింది. ఆ డబ్బును ఇత్తడికి మాత్రమే పంచితే కిలో 1,016 రూపాయలు పడింది. పోటీ లేని రోజుల్లో ఇదే ఎత్తు కుంది 2 కిలోల 400 గ్రాములు తూగేది, దానిలోని సన్న కడ్డీ 120 గ్రాములు ఉండేది. పాత రేటు 860 చొప్పున 2,064 రూపాయలు అయ్యేది, ఇత్తడికి లెక్కగడితే కిలో 905 పడేది. రేటు వంద రూపాయలు తగ్గిందని సంతోషంగా కొన్న మనిషి, తక్కువ ఇత్తడికి 140 రూపాయలు ఎక్కువ ఇచ్చి వెళ్లింది.

మా సంగతి చూస్తే, పాత రోజుల్లో ఆ కుంది మీద మాకు 240 రూపాయలు మిగిలేవి. పోటీలో కిలోకు 30 చొప్పున 87 రూపాయలు మిగిలాయి. కొనేవారూ నష్టపోయారు, అమ్మే మేమూ నష్టపోయాము. సరుకు వేసే వ్యాపారికి మాత్రం మునుపు 1,824 రూపాయలు వచ్చే చోట, తక్కువ ఇత్తడి వేసి 2,117 రూపాయలు వచ్చాయి. ఈ లెక్క పాత బిల్లు వెనుక రాసింది అన్నే. రాసి, నా వైపు తిప్పి పెట్టాడు.

పెద్దమ్మకు ఇద్దరమూ డబ్బు తిరిగి ఇచ్చాము. మా ఇంట్లో వాడుకలో ఉన్న, మరలు బిగించిన పాత కుందుల జతను వాటి బదులు నేను ఇవ్వబోతే, వాడిన దీపాలు సారెకు పనికిరావని చెప్పి ఆమె తీసుకోలేదు. అది న్యాయమైన మాటే.

ఆ రాత్రి అంగడి తలుపులు వేసే వేళకు అన్న మా మెట్టు ఎక్కి వచ్చాడు. ఇద్దరమూ ఒక రేటుకు కట్టుబడదాం అంటాడని నేను అనుకున్నాను. సందులోని పెద్దలు కొందరు అప్పటికే ఆ మాట అని ఉన్నారు. మా లెక్కలు రాసే ఆడిటరు మాత్రం దానికి ససేమిరా వద్దన్నాడు. ఒకే సరుకు అమ్మేవాళ్లు కలిసి ధర ఖరారు చేసుకోవడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం చెల్లదని, నువ్వు కుందులు అమ్ముకో, నేను బిందెలు అమ్ముకుంటానని సరుకును పంచుకోవడానికీ అదే సెక్షన్ అడ్డు వస్తుందని ఆయన చెప్పి ఉన్నాడు. చట్టం సంగతి అలా ఉంచినా, రేటు ఒప్పందాలు సందులో నిలవవని నాకు తెలుసు. మా నాయన కాలంలో బిందెల మీద అలాంటిది ఒకటి జరిగింది. బోర్డు మీద ఒక రేటు, కొనేవారి చెవిలో ఇంకో రేటు చెప్పుకుని వారం తిరగకముందే విడిపోయారు. చెవిలో చెప్పిన మాటను పట్టుకునే సాధనం ఏదీ లేదు.

అన్న రేటు ఊసే ఎత్తలేదు. "తమ్ముడూ, నా అంగట్లో అమ్మే కుందిని నీ కాటా మీద తూచు. నీది నా కాటా మీద తూస్తాను. రేటు నీ ఇష్టం నీది, నా ఇష్టం నాది" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. బేరం కుదిరిన మనిషిని మన చేతులారా ఎదురంగడికి పంపడం ఎక్కడైనా ఉందా అన్నాను. ఆయన చెప్పిన కారణం ఇప్పటికీ నాకు చాలా గట్టిదిగా కనిపిస్తుంది. నా కుంది బరువును నా కాటా మీద నేనే చూపిస్తే కొనేవాడికి కొంత అనుమానం మిగిలే ఉంటుంది. ఎదురంగడివాడు చూపిస్తే ఆ అనుమానం ఉండదు, ఎందుకంటే నా తూకం పెంచి చెబితే ఆయనకు వచ్చే లాభం లేదు. తగ్గించి చెబుతాడేమోనన్న భయం నాకు ఉండవచ్చు. దానికి రెండు కాటాల పక్కనా ముద్ర వేసిన 2 కిలోల గుండు ఒకటి పెట్టుకుందామని, ఎవరికి అనుమానం వచ్చినా ముందు ఆ గుండును పెట్టి చూసుకోవచ్చని అన్నాడు.

అర్ధరాత్రి దాకా కూర్చుని మిగిలిన షరతులు మాట్లాడుకున్నాము. కుందిని కొనేవారి ఎదుటనే విప్పాలి. ఇనుమును, కూరిన పదార్థాన్ని వేరుచేసి ఇత్తడి ముక్కలను మాత్రమే తూచాలి. ఇనుముకు డబ్బు తీసుకోకూడదు. తూచిన అంగడివాడు బరువు రాసి సంతకం చేసిన చీటీ ఇవ్వాలి, దానిని అమ్మిన అంగడి బిల్లుకు పిన్ను కొట్టాలి. తూచేవాడు రేటు అడగకూడదు, తన రేటు చెప్పకూడదు, ఆ మనిషి తిరిగి వెళ్లేదాకా తన సరుకు చూపకూడదు. ఈ చివరి షరతు మీద మేమిద్దరం చాలాసేపు పట్టుబట్టుకున్నాము. మిగిలిన షరతులన్నిటికీ కాటా సాక్ష్యం ఉంది, దీనికి మనిషి మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. అమ్మే అంగడి పిల్లవాడు కుందిని మోసుకుని కొనేవారితో పాటు వెళ్లి, తూయించి, వారితోనే తిరిగి రావాలని నిర్ణయించుకున్నాక అది కూడా తేలింది.

ఇంత చేస్తే పోటీ ఎందుకు ఆగుతుందని మా ఇంట్లోవాళ్లే అడిగారు. కిలో 760 అని చెప్పగలిగింది ఆ కిలోలో పావు వంతు ఇనుము, లక్క ఉండబట్టే. వాటిని తీసేసి తూచేటప్పుడు 760 అంటే ప్రతి కుంది మీదా చేతి డబ్బు పోగొట్టుకోవడమే అవుతుంది. అలా రోజుల తరబడి ఎవరూ అమ్మలేరు. ఎవరినీ అడగకుండానే నేను నా రేటు 900 అని బోర్డు మీద రాసుకున్నాను, మరుసటి రోజు అన్న బోర్డు మీద 890 కనిపించింది. ఆ పది రూపాయల తేడాకు నేను దిగలేదు. నా సరుకులో మర పని కొంచెం మెరుగని నాకు నమ్మకం ఉంది, కొనేవారికి దానిని విప్పి చూపించగలను.

అమలులో మొదటి చిక్కు కాటాల దగ్గరే వచ్చింది. నా దగ్గర 2 కిలోల 245 గ్రాములు తూగిన కుంది అన్న దగ్గర 2 కిలోల 260 చూపింది. మా అంగడి పిల్లవాడూ ఆయన అంగడి పిల్లవాడూ సందులోనే మాటామాటా అనుకున్నారు. రెండు కాటాలకూ ఆ ఏడాది ముద్ర ఉంది. తూనికలు, కొలతల శాఖవాళ్లు ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికొకసారి పరీక్ష చేసి ముద్ర వేస్తారు. ముద్ర ఉన్నంత మాత్రాన పెట్టిన చోటు సరిగా ఉందని అర్థం కాదు. గుండు పెట్టి చూస్తే తేడా నా కాటాదేనని తేలింది. మా అంగడి గడప బండ నీళ్లు పోవడానికి వీలుగా వాలుగా ఉంది. కాటా మూలన ఉండే గాలిబుడగ వలయం మధ్యలో లేదు. కాళ్లు తిప్పి మట్టం చేశాక అంకె సరిపోయింది. అన్న కాటా వేరే కారణంతో అప్పుడప్పుడు అంకె ఊగించేది, పైన తిరిగే ఫ్యాను గాలి పళ్లెం మీద పడుతుండింది. తూచేటప్పుడు ఫ్యాను ఆపడం అలవాటు చేసుకున్నారు.

రెండో చిక్కు ఇంతకంటే పెద్దది. పక్క సందుల్లో కిలో 770, 780 అంటుండగా మేము 900 అనడంతో మొదటి నెలలో చాలామంది రేటు విని మెట్టు దిగి వెళ్లిపోయారు. యాత్రికులకు రైలు వేళ ఉంటుంది, కుంది విప్పి చూపిస్తామంటే కూర్చునే తీరిక ఉండదు. వారికోసం మా పిల్లవాడు ఒక ఉపాయం చేశాడు. పెద్దమ్మ తిరిగి ఇచ్చిన కుందిని విప్పిన ముక్కలుగానే గాజు పెట్టెలో పరిచి, కడ్డీ పక్కన 420 అని, లక్కముద్ద పక్కన 310 అని చీటీలు పెట్టాడు. పక్కనే ఒక అయస్కాంతం ఉంచాడు. ఇత్తడికి అది అంటదు. కుంది అడుగున నట్టు దగ్గర పెడితే కడ్డీ ఉన్న కుందికి టక్కున అంటుకుంటుంది. రేటు అడిగిన మనిషికి మేము ఏమీ చెప్పకుండా ఆ పెట్టె చూపిస్తాము. శ్రావణమాసం గిరాకీలో సారె కొనే స్థానిక కుటుంబాలు వచ్చి, తూకం చీటీతో బిల్లు తీసుకెళ్లి తమ బంధువులకు చూపడం మొదలుపెట్టాక అమ్మకం నిలదొక్కుకుంది. యాత్రికుల గిరాకీ పూర్తిగా తిరిగి రాలేదని కూడా చెప్పాలి. ఆటోవాళ్లకు కమీషను ఇచ్చే అంగళ్లకు పోయేవారు ఇప్పటికీ అక్కడికే పోతున్నారు.

సరుకు వేసే వ్యాపారికి ఇనుముకూ లక్కకూ డబ్బు కట్టబోమని ఇద్దరమూ ఎవరికి వారుగా చెప్పాము. మొదట ఆ పాత రేటుకు ఇక సరుకే రాదన్నారు. మేము పట్టు విడువకపోయేసరికి, ముక్కలకే మర కోసిన కుందులు కిలో 790కి పంపడానికి నా వ్యాపారి ఒప్పుకున్నాడు. అదే ఎత్తు కుంది ఇప్పుడు 2 కిలోల 250 గ్రాములు తూగుతుంది. 900 చొప్పున కొనేవారికి 2,025 రూపాయలు అవుతుంది, నాకు 247 రూపాయలు మిగులుతాయి. పోటీ తారస్థాయిలో ఉన్నప్పుడు ఆ పెద్దమ్మ ఇచ్చినదానికంటే ఇది తక్కువ, నాకు అప్పుడు మిగిలినదానికంటే ఇది ఎక్కువ. ఆమె ఆ తరువాత జత కుందులు మా దగ్గర బేరం చేసి, అన్న కాటా మీద తూయించుకుని, నట్టు లేని అడుగును వేలితో తడిమి చూసుకుని తీసుకెళ్లింది.

ఈ పద్ధతితో తేలనివి రెండున్నాయి. కాటా బరువును చెబుతుంది గానీ ఇత్తడిలో రాగి ఎంత, జింకు ఎంత, పాత తుక్కు ఎంత కలిసిందో చెప్పదు. రంగు, పోతలో సూదిపోటు రంధ్రాలు, తట్టినప్పుడు పలికే తీరు చూసి చాలావరకు గుర్తుపట్టవచ్చు, అయితే అది చేయి తిరిగిన మనిషి తీర్పే తప్ప కాగితం మీద రాసి ఇచ్చేది కాదు. ఆ విషయంలో మా ఇద్దరి మధ్యా ఏ మాటా లేదు, ఎవరి సరుకుకు వారే జవాబుదారీ.

రెండోది విగ్రహాలు. బోలు పోత విగ్రహం లోపల పోత మట్టి మిగిలిపోతుంది, కొన్నిచోట్ల కావాలనే వదిలేస్తారు. దానిని విప్పడానికి మరలు లేవు. నీళ్లలో ముంచి, పొంగిన నీటిని కొలిచి చూడవచ్చని అన్న కొడుకు అన్నాడు. గట్టి పోతకు ఆ లెక్క పనికివస్తుంది. బోలు విగ్రహంలో ఉన్నది గాలో మట్టో పైనుంచి కొలిచే నీరు విడమరచి చెప్పలేదు. అందువల్ల ప్రస్తుతానికి ఇద్దరమూ బోలు విగ్రహాలను తూకం మీద అమ్మడం మానేశాము. ఒక్కో విగ్రహానికి ఇంత అని ఎవరి ధర వారు చీటీ కట్టి, బిల్లులో "బోలు పోత, తూకం లేదు" అని రాస్తున్నాము. పీట అడుగున చిన్న రంధ్రం వేయించి మట్టి రాల్చి, దానిని ఇత్తడి బిరడాతో మూయించి తూకానికే అమ్మవచ్చని అన్న వాదన. పూజకు పెట్టుకునే విగ్రహానికి రంధ్రం వేశామంటే మా దగ్గరికి వచ్చే వారిలో చాలామంది ముట్టుకోరని నేను అంటున్నాను. కార్తీకం లోపల ఒకటి రెండు విగ్రహాలకు అలా చేయించి, కొనేవారికి ముందుగానే చెప్పి చూద్దామని ఆయన పట్టుబట్టాడు. చేయించే ఖర్చు ఆయనదే అన్నాక నేను సరేనన్నాను.